25 నిమిషాలా, 50 నిమిషాలా? హాస్టల్ స్టడీ అవర్ లో క్లాస్ మొత్తం మీద టెస్ట్ చేసి తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో ఏ కాలేజీ హాస్టల్ కి పోయినా సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది, ఆ స్టడీ అవర్ ఎట్లా గడపాలి అన్నదాని మీద ప్రతి ఒక్కరికీ ఒక సలహా ఉంటుంది. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు రెస్ట్ తీసుకో అని ఒకరు అంటారు, లేదు లేదు మధ్యలో లేస్తే లింకు తెగిపోతుంది, 50 నిమిషాలు కదలకుండా కూర్చో అని ఇంకొకరు అంటారు. 25 నిమిషాల పద్ధతి 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ స్టూడెంట్, టొమాటో ఆకారంలో ఉండే కిచెన్ టైమర్ పెట్టుకుని తన కోసం మొదలుపెట్టుకున్నది. ఆయనకి అది పనికొచ్చింది, బాగుంది. మరి మీ క్లాస్ లో పిలకాయలకి పనికొస్తుందా లేదా అన్నది మీరే తేల్చుకోవచ్చు, దానికి నాలుగు వారాలు, కొన్ని కాగితాలు, ఒక బెల్, ఒక గూగుల్ షీట్ చాలు. లెక్చరర్లకీ, స్టాట్స్ లో ప్రాజెక్ట్ చేయాల్సిన డిగ్రీ స్టూడెంట్స్ కీ ఇది ఎట్లా చేయాలో చెప్తాను.

మామూలుగా అందరూ చేసేది ఏంటంటే క్లాస్ టాపర్స్ ని నిలబెట్టి నువ్వు ఎట్లా చదువుతావమ్మా అని అడగడం, వాళ్ళు చెప్పిన టైమ్ టేబుల్ ని బోర్డు మీద రాయడం. దాంతో ఏమీ తెలీదు. ఆ అమ్మాయికి టెన్త్ లో బేస్ గట్టిగా పడి ఉండొచ్చు, ఇంట్లో అక్క చెప్పిచ్చి ఉండొచ్చు, అదే టైమ్ టేబుల్ ఫాలో అయ్యి ఫెయిల్ అయినవాళ్ళని మనం అడగనే అడగలేదు. అందుకే ఇక్కడ మొదటి రూల్ ఒకటే, ఒక స్టూడెంట్ ని ఇంకో స్టూడెంట్ తో పోల్చొద్దు, ప్రతి ఒక్కరినీ వాళ్ళతోనే పోల్చాలి. అంటే ప్రతి ఒక్కరూ రెండు పద్ధతులూ చేయాలి, రెండు వారాలు ఇది, రెండు వారాలు అది.

ముందు రెండు పద్ధతులనీ సమానం చేయండి

గంట స్టడీ అవర్ తీసుకోండి. ఒక పద్ధతిలో 25 చదువు, 5 రెస్ట్, మళ్ళీ 25 చదువు, 5 రెస్ట్. రెండో పద్ధతిలో 50 చదువు, చివర్లో 10 రెస్ట్. చూడండి, రెండింట్లోనూ చదివేది కరెక్ట్ గా 50 నిమిషాలే, రెస్ట్ 10 నిమిషాలే, మారేది రెస్ట్ ఎక్కడ పడుతుంది అన్నది ఒక్కటే. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఒక పద్ధతిలో చదివే టైమ్ ఎక్కువైతే రేపు తేడా కనిపించినప్పుడు అది పద్ధతి వల్లనా ఎక్కువ టైమ్ చదవడం వల్లనా అని తేల్చలేం.

రెస్ట్ లో ఏం చేయాలో కూడా ముందే చెప్పేయండి. నీళ్ళు తాగొచ్చు, వరండాలో నడవొచ్చు, మాట్లాడుకోవచ్చు, ఫోన్ మాత్రం వద్దు. 5 నిమిషాల రెస్ట్ లో ఫోన్ చేతికొస్తే అది 5 నిమిషాలు ఉండదు, మీకు తెలీనిది కాదు. ఆ గంట ఫోన్లన్నీ ఒక డబ్బాలో, రెండు గ్రూపులకీ అదే రూల్. ఫోన్ దూరంగా పెడితే ఫోకస్ పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న, అది టెస్ట్ చేయాలంటే దానికి వేరే నాలుగు వారాలు పెట్టుకోండి, రెండు మార్పులు ఒకేసారి కలిపేస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు.

చీటీలు తియ్యండి, ఇష్టానికి వదలొద్దు

24 మంది ఉన్నారనుకుందాం. 24 చీటీలు, 12 మీద ఒకటి, 12 మీద రెండు రాసి స్టీల్ డబ్బాలో వేసి అందరి ముందూ తీయించండి. నాకు 25ది కావాలి సార్, నేను మా ఫ్రెండ్ గ్రూప్ లో ఉంటాను సార్ అంటారు, ఒప్పుకోవద్దు. ఇష్టపడి ఎంచుకున్నవాళ్ళు ఇష్టంతోనే బాగా చేస్తారు, అప్పుడు మీరు కొలిచేది పద్ధతిని కాదు, ఇష్టాన్ని.

ఒకటో గ్రూప్ మొదటి వారం 25, రెండో వారం 50, మూడో వారం మళ్ళీ 50, నాలుగో వారం 25. రెండో గ్రూప్ సరిగ్గా దీనికి ఉల్టా, 50, 25, 25, 50. ఎందుకు ఇట్లా తిప్పడం అంటే, వారాలన్నీ ఒకటి కాదు. ఒక వారం తేలిక చాప్టర్ ఉంటుంది, ఇంకో వారం ఎండలు ముదురుతాయి, ఇంకో వారం మెస్ లో లేట్ అవుతుంది. ఏ వారం తీసుకున్నా సగం మంది ఒక పద్ధతిలో, సగం మంది రెండో పద్ధతిలో ఉంటారు కాబట్టి ఆ వారం కష్టమైనా సుఖమైనా రెండింటి మీదా సమానంగా పడుతుంది. చాప్టర్ కూడా ఇద్దరికీ ఒకటే ఉండాలి.

రెండు గ్రూపులకీ రెండు రూములు కావాలి, ఒకరు 25వ నిమిషానికి లేచి నవ్వుకుంటా బయటికి పోతుంటే పక్కనోడు 50 నిమిషాలు ఎట్లా కూర్చుంటాడు. ఏ గ్రూప్ ది ఏ రూమో నాలుగు వారాలూ మార్చొద్దు, మారేది పద్ధతి మాత్రమే. ఫ్యాన్ సరిగ్గా తిరగని రూము ఎప్పుడూ 50 వాళ్ళకే పడిందనుకోండి, ఆ ఫ్యాన్ చేసిన పాపం 50 మీదికి పోతుంది.

నాలుగు వారాలు ఎంచుకోవడంలో కూడా మన ఊరికి కొంచెం జాగ్రత్త కావాలి. బ్రహ్మోత్సవాలప్పుడు పెట్టొద్దు, గరుడ సేవ రోజు ఊర్లో ట్రాఫిక్ ఎక్కడికక్కడ మళ్ళిస్తారు, దర్శనానికొచ్చిన చుట్టాలు పిలకాయల్ని చూడ్డానికి హాస్టల్ కి వస్తారు, స్టడీ అవర్ సగం ఖాళీ. వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి సెలవులు, ప్రీఫైనల్స్ ముందు వారం కూడా వదిలేయండి. రేణిగుంట నుంచో చంద్రగిరి నుంచో రోజూ వచ్చిపోయే డేస్కాలర్స్ ని ఇందులో కలపొద్దు, సాయంత్రం వాళ్ళు బస్సులో ఉంటారో ఇంట్లో ఉంటారో మనకి తెలీదు, వాళ్ళు ఇంట్లో ఎట్లా చదివారో కొలిచే దారి కూడా లేదు.

ఫోకస్ ని బెల్ తో కొలవండి

అసలు కష్టం ఇక్కడ ఉంది, కొంచెం నిదానంగా చదవండి. రాత్రి పడుకునే ముందు ఈరోజు నీ ఫోకస్ పదికి ఎంత అని అడిగితే వచ్చే నంబర్ ఫోకస్ ది కాదు, మూడ్ ది. చివరి పది నిమిషాలు బాగా గడిస్తే ఎనిమిది అంటాడు, మెస్ లో కూర బాలేకపోతే అయిదు అంటాడు. పైగా 25 పద్ధతి మంచిది అని యూట్యూబ్ లో చూసి వచ్చినవాడు ఆ వారం ఎట్లాగూ ఎక్కువే వేస్తాడు.

దీనికి బదులు గంటలో ముందుగా చెప్పకుండా మూడు సార్లు బెల్ కొట్టండి. బెల్ వినపడగానే ఒకటే ప్రశ్న, బెల్ మోగే ముందు క్షణంలో నా మనసు పాఠం మీద ఉందా లేదా. ఉంటే టిక్కు, లేకపోతే ఇంటూ, పక్కన గడియారం చూసి టైమ్. అయిదు సెకన్ల పని. జ్ఞాపకం మీద ఆధారపడే పని లేదు, ఆ క్షణం ఇంకా చేతిలోనే ఉంటుంది. ఈ ప్రశ్నని గోడకి అంటించండి, ప్రతిరోజూ అదే మాట ఉండాలి. ఇక్కడ పిలకాయలు అడిగే మాట ఒకటుంది, బెల్ కొడితే ఉన్న ఫోకస్ కూడా పోతాది కదా సార్ అని. పోతుంది, నిజమే, కానీ రెండు గ్రూపులకీ ఒకే టైమ్ లో ఒకే బెల్ కాబట్టి రెండు వైపులా సమానంగా పోతుంది, మనకి కావాల్సింది తేడా.

బెల్ ఎప్పుడు కొట్టాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. 25 నుంచి 30 మధ్య ఒక గ్రూప్ రెస్ట్ లో ఉంటుంది, 50 దాటితే రెండో గ్రూప్ రెస్ట్ లో ఉంటుంది, కాబట్టి ఆ టైముల్లో కొట్టకూడదు. మొదటి బెల్ 6 నుంచి 24 మధ్య, రెండోది 32 నుంచి 40 మధ్య, మూడోది 42 నుంచి 49 మధ్య. గూగుల్ షీట్ లో మూడు సెల్స్ లో ఇవి వేస్తే నిమిషాలు అదే ఇస్తుంది.

```
=RANDBETWEEN(6,24)
=RANDBETWEEN(32,40)
=RANDBETWEEN(42,49)
```

షీట్ లో ఏ సెల్ మార్చినా ఈ నంబర్లు మళ్ళీ మారిపోతాయి, అందుకని 20 రోజులకీ ముందే తీసి కాగితం మీద రాసుకుని బెల్ కొట్టేవాళ్ళకి మాత్రమే ఇవ్వండి.

ఇప్పుడు మొదటి బెల్ ఎందుకో చెప్తాను. మొదటి 25 నిమిషాలు రెండు గ్రూపులూ చేసేది ఒకటే, ఇద్దరూ కూర్చుని చదువుతుంటారు, ఇంకా ఎవరికీ రెస్ట్ రాలేదు. కాబట్టి మొదటి బెల్ లో రెండు పద్ధతుల మధ్య పెద్ద తేడా రాకూడదు. వచ్చిందంటే పిలకాయలు ఈ పద్ధతి మంచిది అన్న నమ్మకంతోనే టిక్కులు వేస్తున్నారేమో అని అనుమానించాలి. కాసేపట్లో రెస్ట్ ఉందన్న ధైర్యం వల్ల కొంచెం తేడా రావచ్చు, కానీ రెండో మూడో బెల్ లో వచ్చినంత తేడా మొదటి బెల్ లోనూ ఉంటే ఆ రిజల్ట్ ని నమ్మొద్దు. మొదటి బెల్ చెకింగ్ కి, రెండోది మూడోది అసలు లెక్కకి.

స్లిప్ మీద ఏముండాలి

రోజుకో చిన్న స్లిప్. పైన పేరు వద్దు, మీరిచ్చిన కోడ్ నంబర్ మాత్రం. మొదలుపెట్టే ముందు ఈ గంటలో ఎన్ని పేజీలు లేదా ఎన్ని లెక్కలు అవుతాయి అనుకుంటున్నారో ఒక గడిలో, గంట అయ్యాక నిజంగా ఎన్ని అయ్యాయో ఇంకో గడిలో. మధ్యలో మూడు బెల్ గడులు. అంతే, ఇంక ఏదీ పెట్టొద్దు, గడులు పెరిగే కొద్దీ మూడో రోజు నుంచి గుడ్డిగా నింపుతారు.

ఆ అనుకున్నది అయ్యింది అన్న రెండు గడులు ఎందుకంటే, ఎంత టైమ్ పడుతుంది అన్న అంచనాలో మనుషులు బాగా తప్పుతారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే సైకాలజిస్టులు థీసిస్ రాస్తున్న స్టూడెంట్స్ ని ఎన్ని రోజుల్లో అవుతుంది అని అడిగితే సగటున 34 రోజులు అన్నారు, పట్టింది 55 రోజులు పైనే. మీ క్లాస్ లో కూడా మొదటి వారం స్లిప్పుల్లో ఈ తేడా కనిపించే అవకాశం ఎక్కువ, నాలుగో వారానికి అది తగ్గుతుందా అన్నది పక్కన చూసుకోండి.

స్లిప్పులు ఆ రాత్రే తీసేసుకోవాలి, శుక్రవారం ఇస్తాం సార్ అంటే కుదరదు. శుక్రవారం కూర్చుని అయిదు రోజులవీ ఒకేసారి నింపేస్తే ఎట్లా పట్టుకోవాలంటే, బెల్ పక్కన రాసిన టైమ్ మీ కాగితంలో టైమ్ తో సరిపోదు. రెండు నిమిషాల తేడా అంటే గడియారాల తేడా, పది నిమిషాల తేడా అంటే ఊహించి రాసింది, ఆ స్లిప్ ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. ఈ స్లిప్పులు వార్డెన్ కి చూపించొద్దు, పేరెంట్స్ మీటింగ్ లో తీయొద్దు, ఇంటర్నల్ మార్కులకి కలపొద్దు. ఒక్కడిని పిలిచి ఏరా నిన్న అన్నీ ఇంటూలే వేశావంట అని అడిగారంటే మర్నాటి నుంచి 24 మందీ టిక్కులే వేస్తారు, అక్కడితో మీ టెస్ట్ అయిపోయినట్టే. ఇష్టం లేనివాళ్ళు తప్పుకోవచ్చు అని మొదటి రోజే చెప్పండి, 18 ఏళ్ళు నిండనివాళ్ళైతే ఇంట్లో కూడా అడిగి ఒప్పించుకోండి.

ఫోకస్ ఒక్కటే చాలదు, గుర్తుందా లేదా చూడండి

టిక్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన పాఠం తలలో నిలిచినట్టు కాదు. వారం చదివిన చాప్టర్ మీద వచ్చే సోమవారం పొద్దున 10 ప్రశ్నల చిన్న టెస్ట్ పెట్టండి. అదే రోజు రాత్రి పెట్టకండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్ట్ లో ముందున్నారు, రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెట్టిన టెస్టుల్లో మాత్రం గుర్తు తెచ్చుకుంటూ ప్రాక్టీస్ చేసినవాళ్ళే ముందుకొచ్చారు. అంటే వెంటనే కొలిస్తే ఒక జవాబు, ఆగి కొలిస్తే ఇంకో జవాబు, మనకి పరీక్షలు ఆగి వచ్చేవే కదా. పేపర్లు కోడ్ నంబర్లతోనే దిద్దించండి, దిద్దేవాళ్ళకి ఎవరు ఏ గ్రూపో తెలీకూడదు.

లెక్క ఎట్లా వేయాలి

షీట్ లో ఒక్కో స్టూడెంట్ కి వారానికో వరస. A లో కోడ్, B లో వారం, C లో పద్ధతి అంటే 25 లేదా 50, D లో రెండో మూడో బెల్ లకి వచ్చిన టిక్కులు, E లో ఆ రెండు బెల్ లకి నిజంగా నింపిన గడులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులు, రోజుకి రెండు బెల్ లు, ఒక పద్ధతికి రెండు వారాలు, మొత్తం 20 బెల్ లు. ఒకరోజు రాలేదనుకోండి 18 ఉంటాయి, అందుకే టిక్కుల సంఖ్య కాదు, టిక్కుల భాగం తీసుకోవాలి. 101 కోడ్ వాడికి 25 పద్ధతిలో

```
=SUMIFS(D:D,A:A,101,C:C,25)/SUMIFS(E:E,A:A,101,C:C,25)
```

అట్లాగే చివర 25 బదులు 50 పెట్టి ఇంకోటి. ఏ పద్ధతిలో అయినా 12 బెల్ లు కూడా లేనివాళ్ళని పక్కన పెడతాం అని మొదలుపెట్టే ముందే రాసి పెట్టుకోండి, రిజల్ట్ చూశాక ఎవర్ని తీయాలా అని ఆలోచిస్తే చెయ్యి మనకి నచ్చినవైపే పోతుంది. ఎవడైనా మధ్యలో 50 వారంలో కూడా లేచి తిరిగాడనుకోండి, వాడిని 25 కి మార్చొద్దు, చీటీలో ఏది వచ్చిందో లెక్కలో అదే.

ఇప్పుడు లెక్క చూపించడానికి కొన్ని నంబర్లు అనుకుందాం, ఇవి ఊహించుకున్నవే. 24 మందిలో 4గురికి రెండు పద్ధతుల్లోనూ సమానం వచ్చింది, వాళ్ళని వదిలేస్తే 20 మంది. అందులో 15 మందికి 25 లో ఎక్కువ, 5గురికి 50 లో ఎక్కువ. 15కి 5, గెలిచేసింది అనొచ్చా? రూపాయి బిళ్ళ 20 సార్లు ఎగరేస్తే ఒకే వైపు 15 లేదా అంతకంటే ఎక్కువ సార్లు పడటం ఎంత అరుదో చూడాలి. అది షీట్ చెప్తుంది, కింద 14 అంటే 15 కంటే ఒకటి తక్కువ, 20 అంటే లెక్కలో ఉన్న మొత్తం మంది.

```
=2*(1-BINOM.DIST(14,20,0.5,TRUE))
```

0.0414 వస్తుంది, అంటే రెండు పద్ధతుల మధ్య అసలు తేడా లేకపోయినా 100 లో 4 సార్లు ఉత్తి అదృష్టంతోనే ఇట్లా రావచ్చు. అరుదే, కాబట్టి ఏదో ఉంది అనుకోవచ్చు. అదే 14కి 6 వచ్చి ఉంటే ఈ నంబర్ 0.115 అవుతుంది, 100 లో 11, 12 సార్లు, అప్పుడు తేల్చి చెప్పలేం అనాలి. ఒక్క పిలగాడు అటూ ఇటూ అయితే మాట ఇంత మారిపోతుంది. అందుకే 24 మందితో చిన్న చిన్న తేడాలు పట్టుకోలేం, పక్క సెక్షన్ ని కూడా కలుపుకుంటే ఇంకా మంచిది.

తర్వాత మొదటి బెల్ ఒక్కదానికే ఇదే లెక్క వేయండి. 10 మంది ఒక వైపు, 9 మంది ఇంకో వైపు లాగా వచ్చిందనుకోండి, మంచిది, చెకింగ్ పాస్. తర్వాత సోమవారం టెస్ట్ మార్కులకి కూడా ఇదే లెక్క. అక్కడ 11 మంది ఒక వైపు, 9 మంది ఇంకో వైపు వచ్చారనుకోండి, అది బిళ్ళ ఎగరేసినా మామూలుగా వచ్చేదే. అప్పుడు మీరు రాయాల్సింది ఏంటంటే, మా హాస్టల్ లో సాయంత్రం గంట స్టడీ అవర్ లో, ఈ సబ్జెక్ట్ లో, 25 కి విడగొడితే రెండో సగంలో మనసు తక్కువ తిరిగింది, మార్కుల్లో మాత్రం తేడా కనపడలేదు. 25 పద్ధతితో మార్కులు పెరుగుతాయి అని రాస్తే అది మీ కాగితాల్లో లేని మాట. తెల్లవారి అయిదు గంటల చదువుకో, ఇంట్లో చదివేవాళ్ళకో కూడా ఇదే వర్తిస్తుంది అని కూడా రాయలేరు, అవి మీరు కొలవలేదు.

అన్నీ అయ్యాక పిలకాయలు వచ్చి నాకేది మంచిది సార్ అని అడుగుతారు, ఎవరి నంబర్లు వాళ్ళకి విడిగా ఇవ్వండి. కానీ ఒక్క మనిషికి 20 బెల్ లు చాలా తక్కువ. ఒకడికి 25 లో 14, 50 లో 12 వచ్చిందంటే దానికి ఏ అర్థమూ లేదు, అదే పిలగాడు అదే పద్ధతిలో ఇంకో రెండు వారాలు చేసినా అంత తేడా రావచ్చు. ఆరు కంటే తక్కువ తేడా ఉంటే నీకు ఏదైనా ఒకటే, నచ్చింది చేసుకో అని చెప్పండి. ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా ఉన్నవాళ్ళు ఉంటే, ముఖ్యంగా క్లాస్ అంతా 25 వైపు ఉన్నా తను మాత్రం 50 వైపు ఉన్నవాళ్ళు, వాళ్ళని మళ్ళీ రెండు వారాలు, రోజు మార్చి రోజు రెండు పద్ధతులూ చేయించి అదే స్లిప్ నింపమనండి. మళ్ళీ అదే వైపు వస్తే వాళ్ళని 50 నిమిషాల రూములోనే కూర్చోనివ్వండి.